అయ్యవారి కరువు మాట

రేపు తెల్లదొర వస్తాడని, ఊరి తరపున మొర చెప్పాల్సిన ఇంగ్లీషు అయ్యవారు రహంతుల్లా కొత్త డిక్షనరీలో ‘కరువు’కు ఇంగ్లీషు మాట తీసినాడు. దాన్ని పేపర్లో చూసినాడే గానీ ఎవరి నోటా వినలేదు. ‘లాఫ్’లో జీ, హెచ్చులు ‘ఫ’ అని పలికినట్టే ఇక్కడా అనుకొని ఇన్నాళ్లూ ‘డ్రాఫ్ట్’ అన్నాడు.

ఎట్ల పలకాలో తెలిపే గుర్తులు బ్రాకెట్లో చూసినాడు. జీ, హెచ్చుల జాడే లేదు. ఎ, యు జంటకు ముందుపేజీ పట్టికలో ‘నౌ’లోని శబ్దమని ఉంది. అంటే డ్రౌట్!

మరి డ్రాఫ్ట్? అదీ దగ్గర్లోనే ఉంది. ఎ పక్కన దీర్ఘానికి రెండు చుక్కలు. అర్థం: తలుపు సందులోంచి వచ్చే గాలి.

“ఏమైంది అయ్యవారా?” అన్నాడు పక్కనే కూర్చున్న రైతు బయ్యన్న.

“పోయినేడు దొరతో ‘ఏటేటా డ్రాఫ్టే సార్’ అంటే, ‘తలుపులేసుకోండి’ అన్నాడు గదప్పా. పొగరని తిట్టుకుంటిమి. ఆయప్ప సరిగ్గానే జవాబు చెప్పినాడు!”