జవాబున్న మాటలు

“పిన్నీ, నేను ఒక్క మాట తప్పుగా రాసి, దానివల్ల అవతల ఏ పసిబిడ్డకైనా ఏమైనా అయితే?”

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, కుర్చీ ఎత్తు కూడా సరిచేసుకోకముందే అతను అడిగిన ప్రశ్న ఇది. పక్క బల్ల దగ్గర కళ్ళజోడు తుడుచుకుంటున్న పెద్దావిడ అతన్ని ఎగాదిగా చూసింది. “అవ్వచ్చు. అందుకేగా ఒకరి పక్కన ఒకర్ని కూర్చోబెట్టారు,” అని మళ్ళీ తన పనిలో పడింది. ఆ ఆఫీసులో అందరికీ ఆవిడ పిన్నే. అతనికి ఓదార్పు కావాలి, దొరికింది నిజం.

అచ్చు యంత్రాల దుకాణం మీద ఉన్న ఆ గదిలో జరిగే పని ఇది. కొత్తగా తల్లిదండ్రులైనవాళ్ళు బిడ్డ ఏడుస్తోందనో, పాలు కక్కుతోందనో ఆసుపత్రి చాట్‌లో తెలుగులో రాస్తారు. జవాబిచ్చే నర్సులు వేరే భవనంలో ఉంటారు, వాళ్ళకు తెలుగు రాదు. మధ్యలో ఈ గదిలోని అనువాదకులు అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేస్తారు. తమంతట తాము తల్లిదండ్రులతో ఒక్క ముక్క మాట్లాడకూడదు. నర్సుకు మాత్రం, తల్లికి కనబడని చిన్న గడిలో, ‘ఇది ఫలానా అర్థంలో అన్న మాట’ అని గమనిక రాయవచ్చు.

అతను రసాయనశాస్త్రం చదివాడు. ఇంట్లో పాకే వయసు పాప ఉంది. పాప తాగిన పాలకు ఫ్రిజ్ తలుపు మీద గ్రాఫు గీస్తాడు. తుమ్మితే థర్మామీటరు, తుమ్మకపోతే అనుమానం. ఈ సంగతి బయటపడిన వారంలోనే పిన్ని అతనికి ‘లిట్మస్’ అని పేరు పెట్టేసింది. “ఏది చూసినా ఎరుపా నీలమా అని తేల్చకపోతే మన అబ్బాయికి అన్నం సయించదు,” అంటూ గదికంతా చాటింది.

పిన్ని ఈ పనికి రాకముందు పరాయి భాషల బొమ్మల కథలకు తెలుగు సంభాషణలు రాసేది. నక్క నోరు మూసేలోపు తన జోకు అయిపోవాలి, అదీ అప్పటి లెక్క. మోకాళ్ళ నొప్పులు. భోజనం అందరూ తిన్నాక తింటుంది, తింటూ ఫోన్‌లో హాస్యపు వీడియోలు చెవులు చిల్లులు పడేలా పెట్టుకుంటుంది. ఎవరైనా విసుక్కుంటే, ఇది కూడా ఉద్యోగంలో భాగమే అంటుంది. బస్సు నడిపి రిటైరైన భర్త రోజూ పొద్దున్నే పాత జోకులు పంపిస్తాడు. వాటిని దిద్ది, ముగింపు మార్చి, తన చెల్లెలికి పంపుతుంది. చెల్లెలు నవ్వితే ఆ ఘనత తనది, నవ్వకపోతే ఆ తప్పు బావగారిది.

జనం చాట్‌లో సినిమా డైలాగులు, సీరియల్ మాటలు, వీడియోల్లో ఊరంతా అనే ముక్కలు వాడకుండా ఉండరని అతనికి త్వరగానే తెలిసొచ్చింది. ఒకసారి ఓ నర్సమ్మ, మొదటిసారి బిడ్డకు నీళ్ళు పోయబోతున్న తండ్రిని ఉత్సాహపరచడానికి తన చిన్ననాటి బొమ్మల కార్యక్రమంలో మాట ఒకటి రాసింది. అతను దాన్ని పొల్లుపోకుండా ‘ఎగిరే ఏనుగుకు రెక్కలెందుకు’ అని దించాడు. ఆ తండ్రి, స్నానానికి ముందు పాపకు ఏనుగు బొమ్మ చూపించాలా అని అడిగాడు. పాపం, వెతకడానికి కూడా వెళ్ళాడట. పిన్ని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వి, అప్పుడు పాఠం చెప్పింది. మాటను వాగు దాటించడానికి మూడు దారులున్నాయి. నడవగలిగితే నడిపించు. నడవలేకపోతే ఎత్తుకో, అంటే అవతలి ఒడ్డున అదే పని చేసే మాట వెతుకు. రెండూ కుదరకపోతే ఈ ఒడ్డునే ఉంచి, ఇతను ఫలానా అని అవతలివాళ్ళకు పరిచయం చెయ్యి. నర్సమ్మ ఇవ్వాలనుకున్నది ధైర్యం. కాబట్టి ఏనుగును వదిలేసి, ‘మీకేం, మీరు చెయ్యగలరు’ అంటే సరిపోయేది.

అలాగని పిన్ని తప్పులు చేయదని కాదు. మొదటిసారి డైపరు మార్చిన ఓ కుర్ర తండ్రి ‘రాసిపెట్టుకోండి, పేజీ చాలదు’ అని రాస్తే ఆవిడ నిజంగానే వివరాలు రాసుకోమంటున్నాడనుకుంది. నర్సు అతనికి రోజుకెన్ని డైపర్లు అని ప్రశ్నలు పంపింది. అది గొప్పలు పోయేటప్పుడు కుర్రకారు అనే మాటని తర్వాత మనవరాలికి ఫోన్ చేసి తెలుసుకుంది. కొత్త మాటల్లో తన పెద్ద నిపుణురాలు ఎనిమిదో తరగతి చదువుతోందని చెప్పుకోవడానికి ఆవిడకు సిగ్గు లేదు.

ఆ రోజు మధ్యాహ్నం కింద యంత్రాలు ఆగాయి, గది నిశ్శబ్దంగా ఉంది. మూడు వారాల బిడ్డ తల్లి ఒకామె పాల గురించి ప్రశ్నలడుగుతోంది. అతనే అనువదిస్తున్నాడు. అన్నీ అయ్యాక నర్సు, మరి మీరెలా ఉన్నారు అని అడిగింది. ఆ తల్లి రాసింది: ‘సంచీ సర్దేశా, ఇక గడప దాటడమే.’ చివర ఒక నవ్వు బొమ్మ.

అతను కూడా నవ్వాడు. ఆ మాట అతనికి కొట్టినపిండి. మొగుడూ పెళ్ళాల హాస్యపు వీడియో ఒకటి ఆ మధ్య ఫోనులన్నిటా తిరిగింది. అందులో భార్య ప్రతిసారీ ఇదే అంటుంది, ఎక్కడికీ వెళ్ళదు. అతని భార్యే రోజుకోసారి అంటుంది. ఉన్నదున్నట్టు అనువదిస్తే నర్సు హడలిపోతుంది, లేనిపోని గొడవ, తల్లికి పరువు తక్కువ. పిన్ని చెప్పినట్టే ఎత్తుకున్నాడు: ‘అలసిపోయానులెండి, మామూలే అని సరదాగా అంటోంది.’ పంపేముందు, కాస్త గర్వంగానే, తెరను పిన్ని వైపు తిప్పాడు.

ఎన్ని వీడియోలు చూసినా పిన్నికి ఆ ఒక్కటి తెలియదు. అతను చెప్పిందంతా ఓపికగా విన్నది.

“సరే. ఈవిడ అలా అంటే, మొగుడేమంటాడు?”

“పేపరు మీంచి తల ఎత్తకుండా ‘చెప్పులో?’ అంటాడు.”

“అప్పుడీవిడ?”

“‘అవి దొరికిన రోజు చూస్తావుగా నా సంగతి’ అని కూలబడుతుంది. జనాలు కూడా అంతే పిన్నీ. ఒకరు సంచీ అంటే రెండోవాళ్ళు చెప్పులు అంటారు, అదో ఆట.”

“అయితే ఇది ఒంటి మాట కాదు. సగం మాట. రెండో సగం ఎవరూ అనకుండానే నువ్వు నవ్వేసి తలుపేశావు.”

ఆ నవ్వు బొమ్మ ఉందిగా అన్నాడు అతను.

“బొమ్మలకేం, వేలు తగిలితే నవ్వుతాయి. ఇది ఆటా కాదా అన్నది నీకు తెలీదు, నాకూ తెలీదు. తెలియనిదాన్ని ఎత్తుకుని దాటిస్తే, దారిలో ఏం జారిపోయిందో ఎవరు చూస్తారు?”

పిన్ని చెప్పినట్టు, రాసింది చెరిపేశాడు. ఆ తల్లి మాటను తెలుగులో ఉన్నట్టే ఉంచి, అక్షరాలా దాని అర్థం పక్కన పెట్టాడు. గమనిక గడిలో, ఇది అందరూ వాడే హాస్యపు మాట, సాధారణంగా సరదాకే అంటారు, కానీ కొందరు నిజాన్ని దాని వెనక దాచుకోవచ్చు, దీనికి అలవాటైన జవాబు ‘చెప్పులో?’, మీరు సరేనంటే తెలుగులో అలాగే పంపుతాను అని రాశాడు. నర్సు చప్పున ఒప్పుకుంది. అతను మూడక్షరాల ఆ ప్రశ్న పంపాడు. ఆట తెలిసినవాళ్ళెవరైనా రెప్పపాటులో తిరుగు మాట కొడతారు.

తిరుగు మాట రాలేదు. ఆమె టైపు చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. అతనికి తన పాప గుర్తొచ్చింది, ఎందుకో ఆ పాలగ్రాఫు కూడా గుర్తొచ్చింది.

‘చెప్పులు వేసుకునే ఉన్నాను.’

ఈసారి నవ్వు బొమ్మ లేదు.

ఆ వాక్యాన్ని అతను నడిపించాడు, ఒక్క అక్షరం మార్చకుండా. వీడియోలో ఈ జవాబు లేదు, ఇది ఆమె సొంత మాట అని గమనికలో చేర్చాడు. నర్సు మరుక్షణం ఫోన్ అందుకుంది. చాట్ నుంచి ఫోన్‌కు మారితే మధ్యవర్తి గొంతు కావాలి, ఆ పని పిన్ని తీసుకుంది. ఎప్పుడూ గదిని దద్దరిల్లజేసే ఆ గొంతు ఎంత మెల్లగా మాట్లాడగలదో అతను ఆ రోజే విన్నాడు. నర్సు సూటిగా అడిగినవి సూటిగానే అడిగింది: బిడ్డ ఎక్కడుంది, మీరెక్కడున్నారు, మీకు మీరు ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా. బిడ్డ లోపల ఉయ్యాల్లో నిద్రపోతోంది. తల్లి గుమ్మం బయట మెట్ల మీద కూర్చుంది, తలుపు బార్లా తెరిచే ఉంది. చచ్చిపోవాలని లేదు, ఎక్కడికైనా వెళ్ళి పడుకోవాలని ఉంది అంది. వచ్చినవాళ్ళందరికీ బాగానే ఉన్నానని చెప్పీ చెప్పీ, ఇప్పుడు కాదని చెప్పడానికి నోరు రావడం లేదని ఏడ్చింది. నర్సు ఆమెను మాటల్లో ఉంచుతూనే వీధి చివర ఉండే ఆడపడుచు నంబరు అడిగి తీసుకుంది. ఇంకో నర్సు ఇంటికే బయల్దేరింది. ఆడపడుచు రొప్పుతూ మెట్లెక్కిన చప్పుడు ఫోన్‌లో వినబడ్డాకే పిన్ని వెనక్కి వాలింది.

మర్నాడు సాయంత్రం అదే చాట్‌లో ఓ ముక్క వచ్చింది. డాక్టరు చూశారనీ, రాత్రంతా వదిన బిడ్డను చూసుకుందనీ, చాలా రోజుల తర్వాత పడుకున్నాననీ రాసింది. కింద విడిగా ఇంకో వరుస: ‘చెప్పులు మా వదిన దాచేసింది.’

దీన్నేం చెయ్యాలి, ఎత్తుకోవాలా, పరిచయం చెయ్యాలా అని అతను పిన్నిని అడిగాడు. నర్సమ్మకు చెప్పుల సంగతి ఇప్పుడు మనకంటే బాగా తెలుసు, ఈ మాట తనే నడిచి వెళ్తుంది, వదిలెయ్యి అంది పిన్ని. ఆ నర్సు జవాబుగా పంపింది ఒక్క నవ్వు బొమ్మే. దానికి అనువాదం అక్కర్లేకపోయింది.

పని ముగించి ఇద్దరూ కిందికి దిగుతుంటే అతను ఉండబట్టలేక మొదటి రోజు భయమే మళ్ళీ బయటపెట్టాడు. తన వాక్యం అలాగే వెళ్ళిపోయి ఉంటే నర్సు విశ్రాంతి తీసుకోండి అని చెప్పి చాట్ ముగించేసేదేగా అన్నాడు. పిన్ని రెండు చేతులా కమ్మీ పట్టుకుని, మోకాళ్ళను తిట్టుకుంటూ ఒక్కో మెట్టూ దిగుతోంది. అవునని ఒప్పేసుకుంది. ఆ మాట తెలియబట్టే నువ్వు పొరబడ్డావు, నేనొక్కదాన్నే ఉంటే తెలియక పొరబడేదాన్ని, ఆ వీడియో తెలిసిన నువ్వు పక్కనుండబట్టి అడగగలిగాను అంది.

ఇప్పుడు ఇంట్లో భార్య ఏదో వీడియో మాట విసిరితే అతను మునుపటిలా నవ్వేసి గ్రాఫు వైపు తిరగడు. మొన్న అలా తిరగకుండా నిలబడితే, ఆమె ముందు అతన్ని వింతగా చూసి, తర్వాత పాపను అతని చేతికిచ్చి, కాసేపు బయట నడిచొస్తానంది. అతను ఆమె చెప్పుల వైపు ఒకసారి చూసి, సరేనన్నాడు. ఆమె నడిచొచ్చింది. ముఖం తేటగా ఉంది.

ఆ రోజు చివరి మెట్టు దిగాక, ఊపిరి తీసుకుంటూ పిన్ని అతనితో అన్నది ఇది:

“తెలిసిన మాట వినబడగానే నవ్వెయ్యకు నాయనా. దాని జవాబు అందించు. అందించి, కాస్త ఆగు. ఆ తర్వాత వచ్చేదే వాళ్ళ సొంత మాట.”