ఆదెమ్మ కడవా, నా నాలుగో గడీ

ఆదెమ్మ మా హైస్కూల్లో పద్నాలుగేళ్లు గంట కొట్టింది, గదులు ఊడ్చింది, వరండాలో రెండు కడవల నిండా మంచినీళ్లు పోసింది. బెజవాడకు తూర్పున కాలవ గట్టు మీదుంటుంది మా బడి. ఆమె ఎడమకాలు బోదకాలు. మోకాలి కింద నుంచి రోలంత లావు. ఆ కాలీడ్చుకుంటూనే రోజుకు ఎనిమిది బిందెలు మోసేది. ఒక్కనాడు నాగా పెట్టిందని చెప్పినవాణ్ణి నేను చూడలేదు. అలాంటి మనిషి కూటికి నేను ఎసరు పెట్టాను. ఇరవై ఏళ్లు సైన్సు చెప్పి, ఛీ, ఈ నా చేత్తోనే.

డెబ్బైమూడు ఆగస్టులో డి.ఇ.ఓ. గారి తనిఖీ ఉందని కబురొచ్చింది. లెసన్ ప్లానంటే మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. పోయినేటి నోట్సు ముందు పెట్టుకుని తేదీ మార్చి ఎత్తిరాయడం. హెడ్మాస్టరు బసవయ్యగారు చదవకుండా ఆకుపచ్చ సిరాతో సంతకం గిలకడం. ఎనిమిదో తరగతికి పాఠం సూక్ష్మజీవులు, పరాన్నజీవులు. ఆదివారం సాయంత్రం కూర్చుని నాలుగు నిలువు గడులు గీశాను. బ్యాక్టీరియా, వైరస్, శిలీంధ్రాలు, పరాన్నజీవులు.

పరాన్నజీవుల గడిలో మలేరియా, నులిపురుగులు, ఏలికపాములు, గజ్జి రాసేసరికి చోటు అయిపోయింది. బోదకాలు మిగిలింది. కొట్టేసి మళ్లీ గీస్తే పేజీ పాడవుతుంది, తనిఖీకి అందంగా ఉండాలిగా! మొదటి గడిలో కలరా, టైఫాయిడ్ కింద ఖాళీ కనిపిస్తే అక్కడ ఇరికించాను. తరవాత సర్దుకోవచ్చులే అనుకున్నాను. ఆ గడి కింది వరసలో "వ్యాప్తి: కలుషితమైన నీరు, ఆహారం" అని ఉంది.

సోమవారం పాఠం బ్రహ్మాండంగా చెప్పాననే అనుకున్నాను. పెరుగు తోడుకునేది బ్యాక్టీరియా వల్ల, ఒక్క కణమే, దానంతట అదే రెండుగా చీలి పెరుగుతుంది, వాటిలో రోగం తెచ్చేవి కొన్నే అన్నాను. వైరస్ అంతకంటే ఎంతో చిన్నది, మన బడి మైక్రోస్కోపుకు దొరకదు, బతికున్న కణంలో దూరితే తప్ప పెరగలేదు, మశూచీ, పిచ్చికుక్క రోగమూ దాని పనే అన్నాను. ఊరగాయ మీద బూజు శిలీంధ్రం, మన ఒంటి మీద తామర దాని చుట్టమే అంటే పిల్లలు నవ్వారు. ఆఖర్న లెసన్ ప్లాన్ పుస్తకం తెరిచి గడులన్నీ బోర్డు మీదికి ఎక్కించాను.

రామతులసి లేచింది. బసవయ్యగారి అన్న మనవరాలు, చురుకైన పిల్ల.

"మాస్టారూ, బోదకాలు నీళ్ల వల్ల వస్తదా అండీ? అయితే మనం ఆదెమ్మ పోసిన నీళ్లు తాగకూడదా?"

గంట కొట్టే వేళయింది. బోర్డు వంక చూశాను. నా చేతిరాతే సాక్ష్యం చెబుతోంది. ఒక్క క్షణం ఆగి ఆలోచించినా తెలిసిపోయేది, బి.ఎస్సీ.లో చదివిందేగా. ఆలోచించలేదు.

"తాగకపోతే మంచిదమ్మా," అన్నాను.

అప్పుడే వరండాలో గంట కొట్టింది ఆదెమ్మ. గదిలో మాటలు వినబడేంత దగ్గరలోనే ఉంది.

మర్నాటి నుంచి కడవలు నిండినవి నిండినట్టే ఉన్నాయి. పిల్లలు ఇళ్ల దగ్గర నుంచి సీసాలు తెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే, ఆదెమ్మ ఊరవతలి పేట మనిషి, చర్చికి వెళ్లే మనిషి కాబట్టి ఆమె చేతి నీళ్లంటే కొన్ని ఇళ్లవాళ్లకు ముందునుంచీ మింగుడుపడదు. బయటికి అనలేక ఊరుకున్నారు. వాళ్ల మాటకు సైన్సు ముద్ర వేసింది నేను. వారం తిరక్కుండా నలుగురు పెద్దమనుషులు వచ్చి బసవయ్యగారి గదిలో కూర్చున్నారు.

"నెలాఖరుకి ఆవిణ్ణి మానిపించేద్దామయ్యా కృష్ణారావ్," అన్నారాయన. "నా సొంత పెత్తనం కాదు. నీ లెసన్ ప్లానే ఆధారం."

పుస్తకం నా ముందుకు తోశారు. అప్పుడు చూశాను ఆ గడి. చోటు చాలక నేను ఇరికించిందే. "అది తప్పండీ" అన్న మాట గొంతు దాకా వచ్చింది. తనిఖీ ఇంకా కాలేదు, నలుగురూ నా మొహమే చూస్తున్నారు. మింగేశాను. ఆ మింగడం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వారంలోనే బోదకాలు సర్వేవాళ్లు మా ఊరొచ్చారు. ఇన్‌స్పెక్టరు మరియదాసుగారు రాత్రి తొమ్మిది దాటాక బడి వరండాలో లాంతరు పెట్టుకుని అందరి వేళ్లూ పొడిచి గాజు పలకల మీద నెత్తురు తీశారు. ఇదేం వేళండీ అని విసుక్కున్నాను.

"ఈ పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుంటాయి మాస్టారండీ. రాత్రయితేగాని చర్మం దగ్గరి నెత్తురులోకి రావు, దోమలు కుట్టే వేళకి," అన్నారాయన.

వరసలో నా ముందు ఆదెమ్మ నిలబడింది. నావైపు తిరగలేదు.

నాలుగో రోజు మరియదాసుగారు మా లాబ్ గదిలో మైక్రోస్కోపు పెట్టుకుని నన్ను పిలిచారు. "ఆదెమ్మ నెత్తుట్లో ఏమీ లేదండి. కాలు అంత ముదిరినవాళ్లలో చాలామందికి ఉండవు. ఇది చూడండి."

కన్ను ఆనించాను. నెత్తురు కణాల మధ్య వంకర్లు తిరిగిన సన్నని దారం పోగు. పక్కన ఇంకొకటి.

"ఎవరిదండీ?"

"మీదేనండి. మీకు ఏ బాధా తెలియదు. కానీ మిమ్మల్ని కుట్టిన దోమలో ఇవి పెరిగి, అది ఇంకొకరిని కుడితే వాళ్లకి చేరతాయి. మాత్రలిస్తాను, తప్పకుండా మింగండి."

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. నా మచ్చ నా నెత్తుట్లోనే ఈదుతోంది. ఆదెమ్మ కడవలో ఏమీ లేదు.

అక్కణ్ణుంచి నేరుగా బసవయ్యగారి గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన లెసన్ ప్లాను తిప్పి ఆ పేజీ చూశారు. "నేను చదవకుండా సంతకం పెట్టాను, నువ్వు చదవకుండా రాశావు. ఆవిడ ఉద్యోగం ఎక్కడికీ పోదు," అన్నారు. ఆ ఆకుపచ్చ సంతకం పక్కనే బోదకాలు కొట్టేసి, బాణం గీసి నాలుగో గడిలో రాశాను. తనిఖీకి ఆ కొట్టివేతతోనే పంపాను.

ఎనిమిదో తరగతిలో పాఠం మళ్లీ చెప్పాను. బోదకాలు పురుగు వల్ల వస్తుంది, అది పరాన్నజీవి, నీళ్ల వల్ల రాదు, ముట్టుకుంటే రాదు, దోమే మోస్తుంది అన్నాను. మైక్రోస్కోపు కింద ఆ గాజు పలక పెట్టి ఒక్కొక్కళ్లనీ చూడమన్నాను. ఎవరి నెత్తురో కూడా చెప్పాను. రామతులసి మైక్రోస్కోపు నుంచి లేచి బెంచీ చివరికి జరిగి కూర్చుంది. నేను నేర్పిన భయమే. నా దగ్గరికే వచ్చింది.

విరామంలో వరండాలోకి వెళ్లాను. కడవ దగ్గర ఆదెమ్మ ఒక్కతే ఉంది.

"ఆదెమ్మా, నీళ్లు పొయ్యి."

ఆమె చెంబు ముంచింది, పైకెత్తి ఆగింది. "మీకూ ఆ పురుగులే ఉన్నాయంట గదా పంతులుగారూ. మీ గ్లాసు ముట్టుకుంటే పిల్లలకేం కాదుగా?"

"ఏం కాదు ఆదెమ్మా. దోమ కుడితేనే."

"నీళ్లల్లో రాదంటారు."

"రాదు."

ఆమె నా గ్లాసు నిండా పోసింది. చెంబు కడవ మీద బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆ మాట ఆ రోజే అనుంటే సరిపోయేది గదండీ," అంది. "గంట కొడతా కిటికీ పక్కనే ఉన్నాను నేను."

గంట కొట్టే వేళయిందని కాలీడ్చుకుంటూ వెళ్లిపోయింది. నేను నీళ్లు తాగాను. మధ్యాహ్నం దాకా ఆ కడవ దగ్గరికి ఇంకెవరూ రాలేదు.