చిక్కటి నీళ్లకు రాసిన కారణం

జూలై రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. మేడ్చల్‌లోని ఆస్పత్రి గదిలో ఉన్నవారు: పక్షవాతం వచ్చి వారమైన నా భార్య, మింగడాన్ని పరీక్షించే థెరపిస్టు అమ్మాయి, నేను.

మెత్తగా రుబ్బిన పప్పన్నం మా ఆవిడకు బాగానే దిగుతోంది. నీళ్లకే దగ్గు. అందుకని రెండు రోజులుగా నీళ్లు మాన్పించి పలచని మజ్జిగ పడుతున్నాను.

"సల్లకు దగ్గు వస్తలేదమ్మా," అన్నాను.

"దగ్గు రాకున్నా ఊపిరితిత్తుల్లకు పోవచ్చు పెద్దయ్యా. పోతే నిమోనియా."

మా ఆవిడను నిటారుగా కూర్చోబెట్టి, గొంతు మీద వేళ్లు ఆనించి, చెంచాడు నీళ్లిచ్చి "ఆ" అనమంది. నీళ్లు ఇంకా అక్కడే మిగిలినట్టు గొంతు తడితడిగా గరగరలాడింది. గడ్డం దించి మింగినా అంతే. పొడి కలిపి కాస్త చిక్కబరిచిన నీళ్లకు మాత్రం తేటగా పలికింది.

"గిది నీళ్లా, గంజా?" అంది మా ఆవిడ.

"నచ్చలేదని రాయాల్నా అవ్వా?"

"రాయి. తాగుతనని గూడ రాయి."

అన్నీ కేసు షీటులో రాసి, మంచం కాళ్లవైపు తగిలించింది. ఏవి ఇచ్చి చూసిందీ, ఏది ఎందుకు పనికిరాలేదూ, ఇష్టంలేక తక్కువ తాగితే ఒంట్లో నీరు తగ్గుతుందనీ, మింగేటప్పుడు ఎక్స్‌రే వీడియో తీయాలనీ, మూడు రోజుల్లో మళ్లీ చూడాలనీ. నలభై ఏళ్ల నా డైరీల్లో ఏం జరిగిందో ఉంది గానీ ఎందుకో లేదు. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను.

మర్నాడు పొద్దున కొత్త నర్సు మాత్రలతో, గ్లాసెడు నీళ్లతో వచ్చింది. నేను నోరు తెరిచేలోపే ఆ పేజీ చదివి, గ్లాసు పక్కన పెట్టి, పొడి డబ్బా అందుకుంది.