పదకొండు నిమిషాల అమావాస్య

మా మండల గ్రంథాలయంలో పంచాంగాలు కిటికీ పక్క బీరువాలో కింది అరలో ఉంటాయి. వాటిని ఎవరూ తియ్యరు. ఉగాది ముందు నేను తీస్తాను. ఏడో తరగతితో నా బడి చదువు ఆగిపోయింది. తరవాతిదంతా ఆ నాలుగు బీరువాల దయ. పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో కోడలు పిల్ల పుస్తకాలు చదువుతుందని నవ్వినవాళ్లే, ఇప్పుడు కరెంటు బిల్లు మొదలు ఆసుపత్రి చీటీ దాకా నా చేతిలోనే పెడతారు. ఆ గర్వం నాకుంది. దాన్ని దాచుకోను. ఆ గర్వమే ఒకసారి మా అత్తను ఏడిపించింది.

మా ఊరి అమ్మవారి ఘటం రెండిళ్ల మధ్య తిరుగుతుంది. ఇత్తడి బిందె, పసుపు రాసి, మెడకు వేపరొబ్బలు కట్టి ఉంటుంది. ఒక ఏడాది మా ఇంట్లో, ఒక ఏడాది ఎదురు వీధి పెద్దకాపు ఇంట్లో. ఉగాదినాడు పొద్దు పొడవగానే చేతులు మారుతుంది. అప్పటిదాకా ఎవరింట ఉంటే ఆ ఇంటి పెద్ద ఆడమనిషి, పాత ఏడాదిలో ఆఖరి మంగళవారం నాడు ఘటాన్ని నెత్తిన పెట్టుకుని అమ్మవారి గద్దె దాకా నడిచి, ముర్రాట పోసి రావాలి. ముర్రాట అంటే వేపాకు వేసిన పసుపు నీళ్లు.

ఆ ఏడాది ఘటం మాది. మా అత్తకు మోకాళ్లు అరిగిపోయాయి. మళ్లీ మా వంతు వచ్చేసరికి రెండేళ్లు. "అప్పటికి నేనుంటే మోకాళ్లుండవు, మోకాళ్లుంటే నేనుండను" అనేది. ఈసారి మాత్రం తనే మొయ్యాలని సంక్రాంతి ముందు నుంచే రోజూ నీళ్ల బిందెతో పెరట్లో నాలుగడుగులు వేసి చూసుకునేది. ఆవిడ లెక్కలో మంగళవారం ఉగాది ముందొచ్చే కొత్తమావాస్య, బుధవారం ఉగాది. కాబట్టి ఆఖరి మంగళవారం ఇంకా రావాలి.

ఇంకా ఆరు రోజులుందనగా, బుధవారం సాయంత్రం పెద్దకాపు మా గుమ్మంలోకి వచ్చాడు. వరసకు మా అత్తకు మరిది. చంకలో గోడ కేలండరు చుట్టి పట్టుకున్నాడు.

"వదినా, మంగళారం తెల్లారగట్ల ఘటం తోమి ఉంచు. మావోళ్లు మేళంతో వస్తారు."

"మంగళారమేటి మరిదీ? బుధారం గదా ఉగాది."

"ఏ బుధారం? ఇదిగో, ఎర్రంకె మంగళారం మీదున్నాది. టీవీలో సెప్పినారు. సెలవు ఆ దినమే. రాజాం నుంచి మా కూతురు, అల్లుడు, సీపురుపల్లి నుంచి వియ్యంకులు అందరూ ఆ దినమే వస్తన్నారు."

అత్త చేతిలో చేట అలాగే ఆగిపోయింది. ఉగాది మంగళవారమైతే, ఆఖరి మంగళవారం నిన్ననే వెళ్లిపోయింది. ఘటం ఎవరూ ఎత్తలేదు.

"నీ కేలండరు నా అమావాస్యని మింగేసినాదేట్రా?" అంది.

"నాను మింగలేదు వదినా. అచ్చేసినోడిని అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు. రేపు గ్రంథాలయానికి వెళ్లి తేల్చుకొస్తానని అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు కొంచెం సంతోషంగానే ఉంది.

గురువారం మూడు పంచాంగాలు ముందేసుకుని కూర్చున్నాను. మూడూ హైదరాబాదులో అచ్చయినవే. మూడింటిలోనూ మంగళవారం ఎదురుగా పాడ్యమి, ఉగాది. ఫోనులో చూస్తే అదీ మంగళవారమే అంది. నియమం నాకు ముందే తెలుసు: సూర్యోదయానికి చైత్రశుద్ధ పాడ్యమి ఉన్న రోజే ఉగాది, రెండు సూర్యోదయాలకూ ఉంటే మొదటి రోజు. కాగితం మీద రాసుకుని ఇంటికొచ్చి, అరుగు మీద పదిమంది ఉండగానే చదివాను. మా ఇంటికి నష్టమని తెలిసీ నిజం చెప్పానన్న తృప్తి కూడా పొందాను.

పెద్దకాపు తొడ చరిచాడు. "సూసినారా? సదువుకున్న కోడలు, సొంత అత్తకే ఎదురు సెప్పినాది. నాయమంటే అదీ!"

అత్త లోపలికి వెళ్లి ఘటం ముందు కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తరవాత పెద్ద కోపంగా కూడా కాదు, ఆశ్చర్యపోయినట్టు అంది: "మనిసికి ఒక్క అమావాస్య కూడా మిగల్సవేటే నీ పుస్తకాలు?"

పంచాంగం చూసే పంతులు గారిది పక్క ఊరు. శుక్రవారం మధ్యాహ్నం మోపెడ్ మీద వచ్చారు. మా రెండిళ్లవాళ్లూ, వీధి సగమూ చేరారు. నేను నా కాగితం ఇచ్చాను. ఆయన చదివి, తప్పు పట్టకుండా పక్కన పెట్టి, సంచిలోంచి తన పంచాంగం తీశారు. అట్ట చూడగానే గుర్తుపట్టాను. నేను గ్రంథాలయంలో చూసిన మూడింటిలో అదీ ఒకటి.

"నియమం సరిగ్గానే రాశావమ్మా," అన్నారు. "రెండు సంగతులు అడగాలి. అమావాస్య ఎప్పుడు అయిపోతుంది? పొద్దు ఎప్పుడు పొడుస్తుంది? మొదటిది చెప్పు."

"మంగళవారం ఉదయం ఆరూ తొమ్మిదికి."

"చంద్రుడు సూర్యుణ్ణి కలుసుకునే క్షణం అది. అక్కడి నుంచి పన్నెండు డిగ్రీలు ముందుకు జరిగేదాకా పాడ్యమి. ఆ క్షణం దేశమంతటికీ ఒక్కటే. ఇక్కడా ఆరూ తొమ్మిదే, ఢిల్లీలోనూ ఆరూ తొమ్మిదే. మరి పొద్దు?"

"ఆరూ పందొమ్మిది. అందులో రాసి ఉంది. అప్పటికి పాడ్యమి వచ్చేసి పది నిమిషాలైంది."

"ఎక్కడి పొద్దు?"

"హైదరాబాదుది," అన్నాను.

ఆయన పంచాంగం ఆఖరి పేజీలు తిప్పారు. ఊళ్ల పట్టిక. ఏ పట్టణానికి సూర్యోదయం ఎన్ని నిమిషాలు కలపాలో, ఎన్ని తియ్యాలో వరసగా ఉంది. శ్రీకాకుళం ఎదురుగా ఇరవై రెండు తియ్యమని ఉంది. మూడు పుస్తకాలు తిరగేసిన నేను ఒక్కదాంట్లోనూ చివరిదాకా వెళ్లలేదు.

"మన ఊరు శ్రీకాకుళానికి కొంచెం పడమర. రేఖాంశంలో డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన మనకు ఇరవై ఒకటి వస్తుంది. ఇప్పుడు పగలూ రాత్రీ సమానంగా ఉన్నాయి కాబట్టి ఉత్తరం, దక్షిణం తేడా పెద్దగా లెక్కలోకి రాదు. ఆరూ పందొమ్మిదిలో ఇరవై ఒకటి తీసెయ్యి."

"అయిదూ యాభై ఎనిమిది."

"అమావాస్య?"

"ఆరూ తొమ్మిది దాకా." వేళ్ల మీద లెక్కేశాను. "అంటే ఇక్కడ పొద్దు పొడిచేటప్పటికి ఇంకా పదకొండు నిమిషాలు అమావాస్య ఉంటుంది."

"పాడ్యమి బుధవారం ఆరూ నలభై దాకా ఉంది. కాబట్టి హైదరాబాదు వాళ్లకు రెండు పొద్దులకూ దొరికింది, మొదటిది తీసుకున్నారు. మనకు దొరికింది బుధవారం పొద్దు ఒక్కటే. వాళ్లదీ తప్పు కాదు. మన ఊరికి బుధవారమే ఉగాది."

పెద్దకాపు ఊరుకునే మనిషి కాదు. "ఇదేటి పంతులు గారూ? ఐదరాబాదుకో సూరీడు, మనకో సూరీడూనా?"

"సూర్యుడొక్కడే నాయనా. రాజాం నుంచి చీపురుపల్లి వెళ్లే బస్సు ఒక్కటే గదా? రెండు చోట్లా ఒకే టైముకి వస్తుందా?"

అందరూ నవ్వారు. పెద్దకాపు నవ్వలేదు. "బస్సుని నాను కళ్లారా సూస్తాను. దీన్నెలా సూడాల?"

"చూడొచ్చు. మీ అబ్బాయి హైదరాబాదులోనే గదా మేస్త్రీ పని చేస్తున్నది? రేపు పొద్దున్నే ఫోను చెయ్యి."

శనివారం ఇంకా మసక ఉండగానే ఊరి తూర్పున తాటిచెట్ల గట్టు మీదకు చేరాం. అత్త కర్ర ఊతంగా వచ్చింది. సరిగ్గా ఆరింటికి ఎర్రటి అంచు పొలాల మీద లేచింది. పెద్దకాపు వీడియో కాల్ చేశాడు.

"నాన్నా! ఏటయినాది? అమ్మ బాగున్నాదా?" కొడుకు గొంతులో కంగారు.

"అందరూ బాగున్నార్రా. అక్కడ పొద్దు పొడిసినాదా?"

"దీనికోసం ఫోన్ సేసినావేటి?"

"సెప్పరా ముందు!"

"పన్నెండో అంతస్తు స్లాబు మీదే ఉన్నాను. ఎలుగొచ్చినాది గానీ, పొద్దు ఇంకా రానేదు." ఫోను తూర్పుకి తిప్పాడు. బూడిదరంగు ఆకాశం, క్రేను. ఇక్కడ మా నీడలు అప్పటికే గట్టు కింద దాకా సాగి ఉన్నాయి.

పెద్దకాపు ఫోను పెట్టెయ్యలేదు. కొడుకుతో వర్షాల సంగతీ, కోడలి సంగతీ మాట్లాడుతూనే నిలబడ్డాడు. మా పొద్దు తాటిచెట్టు నడుము దాకా ఎక్కింది. "అదిగో, వచ్చీసినాడు నాన్నా" అని అబ్బాయి అనేసరికి నా ఫోనులో ఆరూ ఇరవై ఒకటి.

పెద్దకాపు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "సరే వదినా. ఐదరాబాదోళ్ల కంటే ముందు లెగిసినావు, మంగళారం నీదే. సుట్టాలకి ఇంకో పూట కూడెట్టాల, అంతే గదా."

"పెట్టరా, కరువొస్తాదేటి?" అంది అత్త. గురువారం నుంచి ఆవిడ మాట్లాడిన మొదటి పెద్ద మాట అదే.

మంగళవారం పొద్దు పొడిచేటప్పటికి ఘటం అత్త నెత్తిన ఉంది. డప్పులు ముందు నడిచాయి. పెద్దకాపు భార్య ఎవరూ పిలవకుండానే వచ్చి అత్త ఎడమ పక్కన నడిచింది. వచ్చే ఏడాది మొయ్యాల్సింది ఆవిడే. నేను కుడి పక్కన ఉన్నాను. గద్దె మూడు వందల అడుగుల దూరం కూడా ఉండదు. అత్త ప్రతి పదడుగులకూ ఆగుతోంది. పసుపు నీళ్లు చెంపల మీదుగా కారుతున్నాయి.

సగం దారిలో మోకాలు మెలిక పడింది. ఇద్దరం చెరో పక్కా చేతులేశాం. ఘటం ఒలికింది గానీ దిగలేదు. అత్త ఊపిరి తీసుకుని నన్ను అడిగింది: "ఆ పదకొండు నిమిషాలూ అయిపోనాయేటే?"

ఫోను చూశాను. ఆరూ పదిహేడు. అమావాస్య వెళ్లిపోయి ఎనిమిది నిమిషాలైంది. కానీ ముందురోజు పంతులు గారిని ఈ సంగతే ప్రత్యేకంగా అడిగి ఉంచాను. ఈసారి చివరి పేజీ దాకా అడిగాను. పొద్దు పొడిచేటప్పుడు ఏ తిథి ఉంటే, మళ్లీ పొద్దు పొడిచేదాకా పండగకు ఆ రోజంతా దానిదేనని చెప్పారు.

"నేదత్తా," అన్నాను. "రేపు పొద్దు పొడిసేదాకా మనదే. మెల్లగా నడు."

అత్త మెల్లగా నడిచింది.