మామిడి డబ్బుకు కాగితం

ఆదాయపన్ను నోటీసు ఫోనుకు వచ్చిన పూట, పొయ్యి మీద పప్పు మాడింది. పది లక్షలకు పైగా నగదు బ్యాంకులో వేశారు, రిటర్ను వేయలేదు, మీ లెక్కను మళ్లీ ఎందుకు తెరవకూడదో గడువులోగా చెప్పండి అని ఉంది. బడిలో మాస్టరుకే సంజాయిషీ చెప్పుకోనిదాన్ని, ఈ వయసులో సర్కారుకు చెప్పుకోవాలా!

మా రాజపాళయంలో మామిడి తోటను పూత మీదే అమ్మేస్తాం. వ్యాపారి చెట్ల కింద నడిచి చూసి, నోటితో ధర చెప్పి తాంబూలం చేతిలో పెడితే బేరం అయిపోయినట్టే. కాగితం అడిగితే అవమానించినట్టు. మా ఆయన పోయాక రెండు పంటల డబ్బు బీరువాలో దాచి, దొంగల భయంతో ఒకేసారి బ్యాంకులో వేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పన్ను లెక్కలు చూసే ఆడిటరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె నోటీసంతా చదివి, "కవలై పడకండమ్మా, దిగులేమీ వద్దు" అంది. "వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. దాన్ని తీసేస్తే మీకుండేది బ్యాంకు వడ్డీ మాత్రమే. అది లిమిట్‌కు ఎంతో కింద. రిటర్ను వేయాల్సిన పనే లేదు. అయితే ఆ డబ్బు మామిడిదే అని మనమే చూపించాల."

భూమికి పట్టా ఉంది. అది మామిడి తోటేనని ఊరి భూముల లెక్కలు చూసే వీఏవో అడంగల్ రాసిచ్చాడు. మిగిలింది వ్యాపారి కాగితం. గడువు దగ్గర పడుతోంది.

సోళపురంలో అతని ఇంటికే వెళ్లాను. విషయం చెప్పగానే మొహం ముడుచుకున్నాడు.

"ఇన్నేండ్లు మాట మీదే ఇచ్చినావు కదా అక్కా, ఇప్పుడు సంతకమా? రేపు నాకు నోటీసు వస్తే ఎవురు చూస్తారు?"

నాకు కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. వాదించడం మానేసి ఆడిటరమ్మకు ఫోను కలిపి అతని చేతికిచ్చాను. పండించిన రైతుకు పంట డబ్బు నగదుగా ఇవ్వచ్చని, తన లెక్కల్లో రాసినాడంటే చాలని ఆమె చెప్పింది. లెక్కలో రాసే ఉన్నాడట. ఏ పంటకు ఎంత ఇచ్చాడో తెల్ల కాగితం మీద రాసి, నా వైపు చూడకుండా సంతకం పెట్టాడు.

పట్టా, అడంగల్, ఈ కాగితంతో పాటు బ్యాంకు స్టేట్‌మెంటు, వడ్డీ వివరం చేర్చి ఆడిటరమ్మ పోర్టల్‌లో జవాబు వేసింది. కొన్ని వారాలకు ఉత్తర్వు వచ్చింది. కేసు తెరవడానికి తగిన కారణం లేదట. ముందు నమ్మలేదు. మళ్లీ చదివించుకున్నాను, ఏడ్చాను.

వెంటనే వ్యాపారికి చెప్పాను.

"సంతోషం అక్కా" అన్నాడు. "వచ్చే పూతకు మొదలే అగ్రిమెంటు రాసుకుందాము. నువ్వు వచ్చి పోయినప్పట్నుంచి నాకు నిద్ర పట్టలేదు."

సరేనన్నాను. ఇంకేమనగలను.