జవాబు కోసం ఆగే టీచరమ్మ

మా బాబుని పగలు వదిలే శిశుకేంద్రంలో ఆమెని అందరూ నిదానం టీచర్ అంటారు. పిల్లాణ్ణి ఏదైనా అడిగాక, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వాడి మొహంలోకి చూస్తూ ఊరుకుంటుంది. "కుక్క ఎటెళ్ళింది?" అంటే వాడు వేలైనా చూపించాలి, "బౌ" అనైనా అనాలి. అప్పుడు "అవును, నల్ల కుక్క గేటు బయటికెళ్ళిపోయింది" అని, వాడిచ్చిన ముక్కకి నాలుగు ముక్కలు చేర్చి తిరిగిస్తుంది.

"ఈవిడ కబుర్లయ్యేసరికి మా పిల్ల కాలేజీలో చేరుతుంది" అని ఒక తల్లి నవ్వేది. టీచరూ నవ్వేది.

ఒకప్పుడు బట్టల కొట్లో పనిచేస్తూ, సాయంత్రం క్లాసులకెళ్ళి టీచర్ శిక్షణ పూర్తిచేసిందట. అక్కడ ఇద్దరు మాస్టార్లకి ఒక్క విషయంలో అస్సలు పడేది కాదట. భాష నేర్చే శక్తి పుట్టుకతోనే వస్తుందని ఒకాయన వాదన. చుట్టూ మాటలు వినిపిస్తే చాలు, నడక వచ్చినట్టే అదీ దాని వేళకి వస్తుంది. "ఇంట్లో ఎవరూ 'కాలులు' అనరు. మరి పిల్లాడు ఎక్కడ విని అన్నాడు? వాడే నియమం కట్టుకున్నాడు" అనేవాడట. రెండో ఆయనకి భాష బంతాట. పిల్లాడు విసిరింది పట్టుకుని తిరిగి విసిరే మనిషి ఉండాలి. టీవీ విసరగలదు గాని పట్టుకోలేదు.

"మీరు ఎవరి పక్షం?" అని అడిగాను.

"ఇద్దరి దగ్గరా చెరొకటి తెచ్చుకున్నానమ్మా. మొదటాయన వల్ల తప్పులు దిద్దడం మానేశాను. 'కాలులు' అంటే, 'కాళ్ళు నొప్పెడుతున్నాయా నాన్నా' అంటాను, అంతే. రెండో ఆయన వల్ల ఆగడం వచ్చింది."

మా వాడికి రెండేళ్ళు నిండబోతున్నా, ఉన్నవి రెండే మాటలు. "కంగారు పడకండి, దాని వేళకి అదే వస్తుంది" అని టీచర్ ధైర్యం చెప్పింది. మా అత్తగారూ అదే అన్నారు: "మీ ఆయనా ఆలస్యంగానే మాట్లాడాడు. ఇప్పుడు నోరు మూయించు చూద్దాం." నవ్వాను గాని మనసు కుదుటపడలేదు. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. సీసాలో నీళ్ళు తేటగా ఉన్నంత మాత్రాన మంచివని మేం రాయం.

అంతలో కేంద్రం మేనేజరు పిల్లల గదిలో గోడకి స్పీకరు పెట్టించింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కథలు, పాటలు. టీచర్ వద్దంటే, "వినిపిస్తే చాలని మీరే చెప్తారుగా" అందట. ఆ పెట్టె ఎక్కడా ఆగదు. ఎవరి జవాబూ దానికి అక్కర్లేదు. వారం తిరక్కుండానే గది మారిపోయింది. సాయంత్రం వెళ్తే నిండా పిల్లలుండేవాళ్ళు, మాట్లాడేది మాత్రం గోడ. ఎంత బుద్ధిగా ఉన్నారో అని తల్లులు మురిసిపోయేవారు. అందరిలోకీ బుద్ధిమంతుడు మా వాడే. స్పీకరు కిందే కూర్చుని కప్పులు పేర్చుకునేవాడు.

ఒక సాయంత్రం నేను గుమ్మంలో ఉండగా కరెంటు పోయింది. గోడ నోరు మూసుకుంది. పిల్లలంతా చప్పున తలెత్తారు. ఒకడు కేకేశాడు, ఇంకొకతె బదులు కేకేసింది. మా వాడు తలెత్తలేదు. కప్పు మీద కప్పు పెడుతూనే ఉన్నాడు.

టీచర్ అది చూసింది. వాడి వెనక్కి వెళ్ళి పిలిచింది. ఆగింది. కాస్త గట్టిగా పిలిచింది. మళ్ళీ ఆగింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"వీడికి ఆ పెట్టె ఆగిన సంగతి తెలియలేదమ్మా. రేపే చెవులు చూపించండి."

"దాని వేళకి వస్తుందన్నారు కదా?"

"అన్నాను. అది వినపడే పిల్లల సంగతి." గొంతు తగ్గించింది. "నేనెప్పుడూ ఎదురుగా కూర్చునే అడిగాను. వీడు నా మొహం చూసి, నా చూపు ఎటు పోతే అటు వేలు చూపించాడు. విన్నాడనుకున్నాను."

పరీక్షలో రెండు చెవులకీ వినికిడి బాగా తక్కువని తేలింది. మిషన్లు పెట్టారు. "మొదటి ఏళ్ళలో మెదడు భాష కోసం సిద్ధంగా ఉంటుంది. అది అలా ఎల్లకాలం ఉండదు. ఆ సమయంలో ఎంత పోయిందో ఇప్పుడే చెప్పలేను. ఇక మాటలు, సైగలు, ఏ దారైనా ఖాళీగా ఉంచకండి" అన్నాడు డాక్టరు. గోల ఉన్నచోట మిషను గోలనే పెద్దది చేస్తుందని కూడా చెప్పాడు.

టీచర్ వెళ్ళి స్పీకరు తీసేయమంది. "మిగతావాళ్ళకి నచ్చిందండీ. ఒక్క పిల్లాడి కోసం ఎలా తీస్తాను?" అంది మేనేజరు.

ఈ ఉదయం బాబుని దింపి గేటు దగ్గరే నిలబడిపోయాను. మూసిన తలుపు వెనక గోడ కథ చెబుతూనే ఉంది. మిగతా పిల్లల అలికిడి లేదు. చెవులకి మిషన్లతో ఉన్న మా వాణ్ణి టీచర్ ఆ గోలకి దూరంగా వరండా చివరికి తీసుకొచ్చి, కప్పులు ముందు పెట్టి, ఈసారి వాడి వెనక కూర్చుంది. పేరుతో పిలిచింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది.

వాడు కప్పు మీద కప్పు పెట్టాడు. ఆమె ఆగింది. నేనూ కదల్లేదు.