శుభలేఖల జతలాట

పెళ్లి అయిపోయాక తాండూరు షావుకార్ల ఇళ్లలో శుభలేఖలు ఎవరికీ పట్టవు, ఒక్క స్నేహలతకు తప్ప. చుట్టాల ఇళ్లన్నీ తిరిగి వాటిని పోగుచేసి, బంట్వారం దగ్గర గొర్ల కాపరుల పల్లెలో తను నడిపే సాయంత్రపు బడికి మోసుకుపోయేది. పిల్లలు అక్షరం అక్షరం కూడబలుక్కోకుండా చూడగానే చదవాలని, పుస్తకాల్లో పదేపదే వచ్చే 'అక్కడ', 'కాదు', 'మళ్లీ' లాంటి మాటలు ఏరి, శుభలేఖల్ని ముక్కలుగా కత్తిరించి, తెల్లగా ఉన్న వైపు ఒక్కో మాటా రెండేసి ముక్కల మీద రాసింది. పైసా ఖర్చు లేదని పొంగిపోయింది కూడా.

ఆట తేలికే. మాటలు కిందికి ఉండేలా ముక్కలు పరవాలి. వంతు వచ్చినవాళ్లు రెండు తిప్పి గట్టిగా చదవాలి. జత కుదిరితే వాళ్లవి, కుదరకపోతే ఉన్నచోటే బోర్లించాలి. కొన్నాళ్లకు పిల్లలే ఇంకో నియమం పెట్టారు. తిప్పకముందే మాట చెప్పాలి, అది నిజమైతే మరో వంతు. ఆమె మురిసిపోయి సరేనంది. మాటలు పైకి పరిచి, టీచరు పలికిన మాట మీద ముందుగా చెయ్యి వేసే ఆట కూడా ఉంది. ముక్కలు చిరుగుతాయని దాన్ని ఆడించలేదు.

గెలుపంతా ఎనిమిదేళ్ల అంబికదే. వేలు ఆనించగానే మాట చెప్పేసేది. తండ్రి ఈరయ్య ఎండాకాలం మందతో ఊళ్లు పట్టిపోతాడు. ఈసారి చదువు వస్తే పిల్లను నాయనమ్మ దగ్గర ఉంచుతానని, రాకపోతే వెంట తీసుకుపోతానని చెప్పాడు.

బయల్దేరే ముందురోజు బడికి వచ్చి గోడవార కూర్చున్నాడు. స్నేహలత ధీమాగా పలక మీద ఐదు మాటలు రాసి ఇచ్చింది.

అంబిక చాలాసేపు చూసింది. తర్వాత పలకను తిప్పి వెనకవైపు చూసింది.

స్నేహలతకు ఆట ముక్కలు గుర్తొచ్చాయి. ఒకదాని వెనక బంగారు తీగ, ఒకదాని వెనక వినాయకుడి చెవి, ఇంకోదాని వెనక పసుపు మరక. ఇన్నాళ్లూ ఆ పిల్ల చదివింది వాటినే. వెనకవైపులన్నీ ఒక్కలా ఉండాలన్న చిన్న సంగతి తనకు తట్టలేదు, పైగా చూడకుండా చెప్పినందుకు బహుమానంగా వంతులిచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"తప్పు నాది ఈరయ్యా. కార్డులు నేనే సరిగ్గా చెయ్యలే. ఒక్క నెల ఉంచు."

"మీరు మంచోళ్లు మేడం, గట్లనే అంటరు. దీనికి సదువు అబ్బది," అన్నాడు అతను, కోపం లేకుండానే. మంద పొద్దుగాల్నే కదలాలని లేచాడు.

గడప దగ్గర అంబిక ఆగింది.

"నేను దొంగాట ఆడిన్నా మేడం?"

కాదని, అన్ని ముక్కల వెనకలు గుర్తుపెట్టుకున్న బుర్ర ఈ బడిలో ఇంకెవరికీ లేదని స్నేహలత చెప్పింది. ఆ పిల్ల తల ఊపింది, నమ్మలేదు. తండ్రి వెనకే నడిచిపోయింది.